చదువయ్యాక నేరుగా ఇంటి వ్యాపారంలోకా, ముందు బయట ఉద్యోగమా? బాబాయి ఉన్నచోట నా మాట ఎలా చెల్లుతుంది?

కొత్త_చేయి
మాది అట్టపెట్టెలు తయారుచేసే యూనిట్. నాన్న, బాబాయి కలిసి మొదలుపెట్టారు. ఉత్పత్తి, పేపర్ కొనుగోళ్లు నాన్న చూస్తారు. అమ్మకాలు, వసూళ్లు బాబాయివి. నాకు 24 ఏళ్లు, ఇంజనీరింగ్ అయిపోయింది. బయట ఒక ప్యాకేజింగ్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చేరతానో లేదో ఈ నెలలో చెప్పాలి.

నాన్న "ఎక్కడో పనిచేసేదేదో ఇక్కడే చెయ్యి" అంటున్నారు. బాబాయి పైకి ఏమీ అనరు. కానీ సెలవుల్లో ఆఫీసుకి వెళ్లి ఏ కస్టమర్ ఎంత బాకీ ఉన్నాడని అడిగితే "అవన్నీ నీకెందుకురా ఇప్పుడు" అని మాట మార్చేస్తారు. బాబాయి కొడుకు నాకన్నా చిన్నవాడు, వాడు ఇప్పటికే స్టోర్స్ చూస్తున్నాడు. నేను బయటికి వెళ్తే వెనకబడతానేమో, వెళ్లకపోతే ఎప్పటికీ నాన్న కొడుకుగానే మిగిలిపోతానేమో అని టెన్షన్‌గా ఉంది. ఇలాంటి పరిస్థితి దాటినవాళ్లు చెప్పండి.

నిలువెత్తు_నిజం
బయటికి వెళ్లాల్సిందే, రెండో మాట లేదు. కనీసం 5 ఏళ్లు, అదీ పెద్ద కంపెనీలో. అక్కడ పెద్ద హోదా వచ్చాక తిరిగొస్తే ఇంట్లో ఎవరూ నోరెత్తరు.

పైర్లవాన
వాటాలు ముందు రాయించుకోండి. నాన్న, బాబాయి బాగున్నప్పుడే ఆస్తి పంచుకోకపోతే తర్వాత కోర్టులే గతి. మా ఇంట్లో అదే జరిగింది.

కొత్త_చేయి
@పైర్లవాన నేను అడిగింది పంపకం గురించి కాదండీ. ఇద్దరూ కలిసే ఉన్నారు, కలిసే ఉండాలని నాకూ ఉంది. పనిలో నా మాటకి విలువ ఎలా వస్తుందనే అడుగుతున్నాను.

పైర్లవాన
సరే. కానీ అవి రెండూ వేరు కావని తర్వాత మీకే తెలుస్తుంది.

బాకీల_పుస్తకం
నాది కూడా ఇద్దరు అన్నదమ్ముల వ్యాపారమే, యంత్రాల విడిభాగాలు. బయట చేసి వచ్చినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

@నిలువెత్తు_నిజం చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. బయట పనిచేయడం మంచిదే, కానీ ఎన్నేళ్లు, ఎంత పెద్ద కంపెనీ అన్నదానిమీద అది ఆధారపడదు. చాలా పెద్ద సంస్థలో మొదటి మూడేళ్లు మనకి దొరికేది ఒక చిన్న ముక్క. నా స్నేహితుడొకడు అలాంటిచోట చేసి వచ్చాడు. రిపోర్టులు బ్రహ్మాండంగా తయారుచేస్తాడు. లారీ రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు, ఎందుకంటే అక్కడ ఆ పనికి వేరే డిపార్ట్‌మెంట్ ఉండేది.

నేను చూసుకోమనేది మూడే. అక్కడ మీ పైవాడు మిమ్మల్ని తీసేయగలగాలి, అంటే మీ ఇంటిపేరు అక్కడ పనికిరాకూడదు. ఒక ఫలితం మీ పేరు మీద ఉండాలి. ఒక్కసారైనా ప్రమోషనో, పెద్ద బాధ్యతో మీ పని చూసి ఇచ్చి ఉండాలి. ఈ మూడూ రెండున్నరేళ్లలో జరిగితే అప్పుడే వచ్చేయొచ్చు. ఐదేళ్లయినా జరగకపోతే ఆ ఐదేళ్లకీ ఇంట్లో విలువుండదు.

తాళంచెవి
నేను ఒక్కరోజు కూడా బయట చేయలేదు. చదువైన మర్నాడే మా కంపెనీలో కూర్చున్నాను. నాకు పోస్టు లేదు, జీతం లేదు, కావలసినప్పుడు నాన్నని అడిగి తీసుకోవడమే. ఏ పని మిగిలిపోతే అది నాది. పదేళ్లు దాటినా కొత్త సప్లయర్లు "నాన్నగారు ఉన్నారా" అనే అడుగుతారు. నేరుగా చేరడం నన్ను ముంచిందని నేను అనను, నా పని ఏదో ఎవరూ చెప్పకపోవడం ముంచింది. చేరితే చేరండి, పోస్టు, జీతం, ఎవరికి జవాబు చెప్పాలో తేల్చుకోకుండా మాత్రం కూర్చోకండి.

షాప్‌ఫ్లోర్_సూపర్‌వైజర్
నేను యజమాని ఇంటివాణ్ణి కాదు. ఒక కుటుంబ కంపెనీలో రెండు తరాల కింద పనిచేశాను. అవతలి వైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెప్తాను.

యజమాని కొడుకు వచ్చిన మొదటి నెలలో మేము చూసేది చదువు కాదు. మా దగ్గర విన్న మాట రాత్రి ఇంటికి చేరుతుందా లేదా అన్నది చూస్తాం. ఒక్కసారి చేరిందంటే ఆ తర్వాత ఆయనకి ఎవరూ నిజం చెప్పరు, అన్నీ బాగున్నాయనే చెప్తారు. రెండోది, ఆయన కాదన్నది పెద్దాయన దగ్గరికి వెళ్తే ఔనవుతుందా అని చూస్తాం. అయిందంటే ఇక అందరం నేరుగా అక్కడికే పోతాం. ఇందులో మా చెడ్డతనం ఏమీ లేదు, పని ఎక్కడ అవుతుందో అక్కడికే కదా మనిషి వెళ్తాడు.

కొత్త_చేయి
@షాప్‌ఫ్లోర్_సూపర్‌వైజర్ రెండోది మా ఇంట్లో కచ్చితంగా జరుగుతుంది. నాన్న ఎవరు ఫోన్ చేసినా కాదనలేరు.

@బాకీల_పుస్తకం మీరు తిరిగొచ్చాక ఏ పనితో మొదలుపెట్టారు? మీ బాబాయి ఎలా ఒప్పుకున్నారు?

బాకీల_పుస్తకం
కాస్త పొడుగవుతుంది.

బయట నేను చేసింది ఒక మధ్యస్థాయి కంపెనీలో బాకీల వసూళ్ల విభాగం. తిరిగొచ్చాక నాన్న నన్ను "అన్నీ చూసుకో" అన్నారు. అది వద్దన్నాను. అన్నీ చూసుకునేవాడికి ఏదీ తనది కాదు. వసూళ్లు మాత్రమే ఇవ్వమన్నాను. అది బాబాయి పని, అందుకే అందరూ భయపడ్డారు.

మా లెక్క అర్థమయ్యేలా చెప్తాను. ఏడాది అమ్మకం 100 అనుకోండి. ఏ రోజు చూసినా బయట రావలసింది 20 దాకా ఉండేది. 20ని 100తో భాగించి 365తో గుణిస్తే 73 రోజులు. బిల్లు మీద మేము రాసేది 30 రోజులు. మేము ముడిసరుకు వాళ్లకి 30 రోజుల్లో కట్టేయాలి. మిగిలిన 43 రోజులకి బ్యాంకు వడ్డీ కడుతున్నాం. సరుకు మా దగ్గర నిలవున్న రోజులు దీనికి అదనం. ఏడాది చివర "లాభం ఉంది కానీ డబ్బు లేదు" అని ఇద్దరు అన్నదమ్ములూ వాదించుకునేవాళ్లు. ఆ వాదన వెనకున్నది ఈ 43 రోజులే.

నేను ఈ లెక్క తీసుకెళ్లి అందరి ముందు పెట్టలేదు. పెట్టుంటే అది బాబాయి మీద అభియోగం అయ్యేది. ఆయన పక్కన కూర్చుని, ఒక్కో కస్టమర్ పేరు చదువుతూ, వీళ్లెందుకు కట్టలేదు అని ఆయన్నే అడిగాను. ఆయనకి అన్నీ తెలుసు, ఏ పుస్తకంలోనూ లేనివి. ఫలానా వాళ్ల చేతిలో డబ్బాడే నెల ఏది, ఎవరి దగ్గర అకౌంటెంట్ మారాడు, ఎవరు మాటకి నిలబడతారు, అన్నీ.

ఆ జాబితా పూర్తయ్యేసరికి తేలింది ఏమిటంటే, పాత బాకీల్లో సగానికి దగ్గరగా కస్టమర్ ఎగవేత కానే కాదు. మేము పంపిన సరుకు తక్కువొచ్చిందనో, రేటు వేరుగా పడిందనో వాళ్లు రాసి పంపారు, మా వైపు ఎవరూ జవాబివ్వలేదు. చిన్న తేడా కోసం బిల్లు మొత్తం ఆగిపోయింది. ఆ తప్పు మా బిల్లింగ్‌ది, డెలివరీ రసీదులు సరిగ్గా దాచకపోవడానిది. దాన్ని సరిచేయడానికి బాబాయి అధికారం మీద చేయి వేయనక్కర్లేదు. ముందు అదే చేశాను. డబ్బు రావడం మొదలయ్యాక ఆయనే "ఇంకా ఏం చేద్దాంరా" అన్నారు.

నిలువెత్తు_నిజం
మరి నిజంగా ఎగవేసేవాళ్ల సంగతి? అక్కడే కదా అసలు గొడవ.

బాకీల_పుస్తకం
అవును, అక్కడే. బిల్లు గడువు దాటి ఇంకో 30 రోజులు పోతే కొత్త ఆర్డర్ సిస్టమ్‌లో ఆగిపోవాలని పెట్టాం. దాన్ని విడుదల చేసే హక్కు నాకు కాదు, బాబాయికే ఇచ్చాం. ఒక్కటే షరతు: ఎందుకు విడుదల చేశారో, డబ్బు ఏ తారీఖుకి వస్తుందో ఒక లైను రాసి సంతకం చేయాలి. ఆయన పరపతి తగ్గలేదు. కానీ ఒకే కస్టమర్ పేరు పక్కన తన రాతలోనే మూడు తారీఖులు తప్పినట్టు కనిపించాక, నేను ఒక్క మాటా అనకుండానే ఆయనే సరుకు ఆపారు.

నా మాట చెల్లడం మొదలైంది అప్పటినుంచే. వాదనలో గెలవడం వల్ల కాదు. ఇద్దరం ఒకే కాగితం చూస్తున్నాం కాబట్టి.

మావిచిగురు
@బాకీల_పుస్తకం ఇది చదువుతుంటే అంతా సాఫీగా జరిగినట్టుంది. ఎక్కడా తేడా రాలేదా?

బాకీల_పుస్తకం
వచ్చింది. ఒక పాత కస్టమర్‌కి సరుకు ఆపితే ఆయన నేరుగా నాన్నకి ఫోన్ చేశాడు. నాన్న గోడౌన్‌కి ఫోన్ చేసి లోడ్ చేయించేశారు. వారంలో ఇంకో ఇద్దరు అదే దారి పట్టారు. పైన సూపర్‌వైజర్ గారు చెప్పింది అక్షరాలా జరిగింది.

అప్పుడు నాన్నతో గొడవపడలేదు, ఒక్కటే అడిగాను. "మీరు నా నిర్ణయం మార్చండి, మీకు ఆ హక్కుంది. కానీ మార్చేది నాకు చెప్పి మార్చండి, విడుదల చేసే ఫోన్ నేనే చేస్తాను." ఫోన్ చేసినవాళ్లకి "అది వాడు చూస్తున్నాడు, వాడితో మాట్లాడు" అని చెప్పడానికి ఆయనకి చాలా నెలలు పట్టింది. ఇప్పటికీ ఒకరిద్దరికి చెప్పలేరు. వాళ్లిద్దరినీ నేను వదిలేశాను.

ఇల్లూ_ఆఫీసూ
నేను మా నాన్నకి ఒక్కతే కూతుర్ని. మేనమామ మా దగ్గరే ఉత్పత్తి చూస్తారు. @బాకీల_పుస్తకం చెప్పినట్టు పక్కన కూర్చుని అడిగే అవకాశం నాకు రాలేదు. నేను అడిగితే ఆయన ఫోర్‌మన్‌తో చెప్పించేవారు. నాకు పని చేసింది వేరే దారి: ఆయన అస్సలు ముట్టని పని తీసుకోవడం. కొత్త కస్టమర్ల నాణ్యత తనిఖీలు, ఆ కాగితాలు, ఆడిటర్లు వచ్చినప్పుడు సమాధానం చెప్పడం. ఆయనకి అది విసుగు. ఆ ఆడిట్లు పాసై ఆర్డర్లు వచ్చాక, మెషీన్ సెట్టింగ్ మార్చాలంటే ఆయనే నన్ను పిలిచి "వాళ్లు ఏమన్నారు" అని అడగాల్సి వచ్చింది.

కొత్త_చేయి గారు, బాబాయి పనిలోకే నేరుగా వెళ్లాలని లేదు.

బాకీల_పుస్తకం
@ఇల్లూ_ఆఫీసూ నిజమే. నాకు ఆ విద్య ముందే వచ్చు కాబట్టి బాబాయి పనిలోకి వెళ్లగలిగాను. రాకుండా వెళ్తే ఘర్షణే మిగిలేది.

పెద్దవాడి_గోడు
ఈ దారంలో అందరూ బాబాయిని దాటాల్సిన అడ్డంకిలా మాట్లాడుతున్నారు. నేను అలాంటి బాబాయినే. మా అన్న కొడుకు వచ్చి మూడేళ్లయింది. నా వైపు కూడా వినండి.

మా కంపెనీలో లాభం ఎప్పుడూ పంచలేదు, అంతా తిరిగి వ్యాపారంలోనే పెట్టాం. నాకు వచ్చేది నేను చేసే పనికి వచ్చే జీతమే. అమ్మకాలు అబ్బాయికి ఇచ్చేస్తే నెల తర్వాత నేను ఏ హోదాలో, దేని మీద బతకాలి? వాటా ఉంది, కాగితం మీద. దాన్ని కొనేవాళ్లు బయట ఎవరూ లేరు. మీరు అధికారం అంటున్నది నా జీవనం. అన్న కొడుకు మీద నాకు కోపం లేదు, వాడు తెలివైనవాడు. భయం మాత్రం ఉంది. ఆ భయాన్నే మీరు అహం అనుకుంటున్నారు.

తాళంచెవి
ఈ కోణం నేను ఎప్పుడూ ఆలోచించలేదండీ. మా బాబాయి కూడా ఇలాగే అనుకుంటున్నారేమో.

లెక్కల_సారం
నేను ఇలాంటి కంపెనీలకి ఆడిట్ చేస్తాను. @పెద్దవాడి_గోడు చెప్పింది దాదాపు ప్రతి ఇంట్లో కనిపిస్తుంది. 1970ల చివర హార్వర్డ్‌లో టాగియూరి, డేవిస్ అనే ఇద్దరు మూడు వృత్తాలు గీసి చూపించారు: కుటుంబం, యాజమాన్యం, వ్యాపారం. ఒకే మనిషి మూడింటిలోనూ ఉంటాడు, ఏ వృత్తంలో నిలబడి మాట్లాడుతున్నాడో ఎదుటివాడికి తెలియదు. ఇక్కడ బాబాయి గారు అమ్మకాల గురించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, నిజానికి వాటాదారుగా తన రాబడి గురించి అడుగుతున్నారు.

నేను చెప్పేది, పనికి జీతం వేరు, వాటాకి లాభం వేరు అని విడదీయండి. పనికి బయటివాణ్ణి పెడితే ఎంత ఇస్తామో అంతే జీతం. లాభంలో ఏడాదికి ఎంత శాతం పంచాలో ముందే నిర్ణయించి, ఇద్దరు అన్నదమ్ములకీ వాటా ప్రకారం ఇవ్వండి. ఉదాహరణకి పన్ను పోగా మిగిలినదాంట్లో 25 శాతం పంచి 75 వ్యాపారంలో ఉంచారనుకోండి. అప్పుడు బాబాయి పని తగ్గించుకున్నా ఆదాయం పూర్తిగా ఆగదు. ఈ ఒక్కటి జరగకుండా, వారసుడు ఎంత మర్యాదగా అడిగినా పెద్దాయన తాళాలు వదలరు.

పైర్లవాన
వాటాల సంగతి ముందే చెప్పానుగా.

లెక్కల_సారం
@పైర్లవాన మీరు చెప్పింది విడిపోయే పంపకం. ఇది కలిసి ఉండటానికి చేసే ఏర్పాటు. ఒకటి మాత్రం నిజం, కొత్త మెషీన్ అప్పు మీద ఉన్న ఏడాది పంచడానికి నగదు ఉండదు. అప్పు ఇచ్చిన బ్యాంకు కూడా ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు బాబాయికి ఏం చెప్పాలనేది కష్టమైన ప్రశ్నే.

పెద్దవాడి_గోడు
మా పరిస్థితి సరిగ్గా అదే. గత ఏడాదే అప్పు చేసి మెషీన్ పెట్టాం.

రాత్రి_షిఫ్ట్
బయటికి వెళ్లమని అందరూ చెప్తున్నారు కాబట్టి ఇంకో మాట. నేను బయట ఉద్యోగంలో ఉండగా నాన్న హఠాత్తుగా పోయారు. ఏ సప్లయర్‌కి ఏ మాట ఇచ్చారో, ఏ రేటు నోటిమాట మీద నడుస్తోందో, ఎవరికీ తెలియదు. ఇద్దరు సప్లయర్లు చెప్పిన మొత్తాలు మా పుస్తకాలతో కలవలేదు, వాళ్లు చెప్పిందే కట్టాను. వెళ్లండి, కానీ మీ నాన్నగారి తలలో మాత్రమే ఉన్నవి ముందు కాగితం మీదకి రానివ్వండి. పేపర్ మిల్లులతో రేట్లు ఎలా మాట్లాడతారు, ఏ కస్టమర్‌కి ఏ గ్రేడ్ కాగితం, ఏ డై ఎక్కడుంది, బ్యాంకులో ఎవరి సంతకం చెల్లుతుంది.

కొత్త_చేయి
@రాత్రి_షిఫ్ట్ చాలా బాధగా ఉందండీ. నాన్నకి 58. ఆరోగ్యంగానే ఉన్నారు, కానీ మీరు రాసినవాటిలో ఒక్కటి కూడా మా దగ్గర రాసిలేదు.

ఇంకో సందేహం. నాకు వచ్చిన ఉద్యోగం ప్యాకేజింగ్ కంపెనీలోనే. అంటే ఒకరకంగా మాకు పోటీ. పర్వాలేదా?

బాకీల_పుస్తకం
చేరే ముందే మీ ఇంటి వ్యాపారం ఏమిటో వాళ్లకి చెప్పేయండి. దాచి చేరితే రేపు వాళ్ల కస్టమర్ ఒకడు మీ దగ్గరికి వచ్చినా మీరే లాగారంటారు. ఒప్పందంలో గోప్యత షరతులు చదవండి. వాళ్ల రేట్లు, కస్టమర్ల జాబితా మీవి కావు, తీసుకురాకూడదు. పని చేసే పద్ధతి మాత్రం మీతో వస్తుంది. నన్నడిగితే పోటీదారు కన్నా పెట్టెలు కొనే కంపెనీలో కొనుగోళ్ల విభాగం ఇంకా మంచిది. మీలాంటి సప్లయర్‌ని అవతలి వాళ్లు దేన్నిబట్టి ఎంచుకుంటారో, దేన్నిబట్టి తీసేస్తారో తెలుస్తుంది.

నిలువెత్తు_నిజం
ఇది ఒప్పుకుంటున్నా. పెద్ద కంపెనీ అని నేనన్నది అందుకే, కొనేవాళ్లు పెద్ద కంపెనీలే కదా.

మావిచిగురు
మీ తమ్ముడి సంగతి ఎవరూ మాట్లాడలేదు. బాబాయి కొడుకు స్టోర్స్‌లో ఉన్నాడన్నారు. మీరు మూడేళ్ల తర్వాత పెద్ద పోస్టులోకి వస్తే అతనికి ఎలా ఉంటుంది? బయటికి వెళ్లాలనే నియమం మీకొక్కరికే అయితే అది నియమం కాదు. ఇద్దరికీ ఒకటే ఉండాలి, లేదా అతను లోపల గడిపిన ఏళ్లకి కూడా లెక్క ఉండాలి.

షాప్‌ఫ్లోర్_సూపర్‌వైజర్
మంచి మాట. మా దగ్గర రెండో తరంలో చెడింది అన్నదమ్ముల మధ్య కాదు, వాళ్ల కొడుకుల మధ్యే. ఒకడు లోపలే పెరిగాడు, ఇంకొకడు బయటి నుంచి పైపోస్టులోకి వచ్చాడు. మేము ఎవరి మాట వినాలో తెలియక రెండు జట్లయ్యాం.

కొత్త_చేయి
తమ్ముడి గురించి నిజంగా ఆలోచించలేదు. నిన్న వాడితోనే మాట్లాడాను. వాడికీ బయట చేయాలని ఉందట, కానీ స్టోర్స్ ఎవరు చూస్తారని ఎప్పుడూ అడగలేదట.

ఇప్పటికి అనుకుంటున్నది చెప్తాను. ఉద్యోగం విషయం నెలాఖరులోపు చెప్పాలి కాబట్టి ఆ కంపెనీకి మా వ్యాపారం గురించి ఉత్తరం రాస్తున్నాను. వాళ్లు సరేనంటే చేరతాను. చేరేలోపు నాన్న దగ్గర కూర్చుని పేపర్ మిల్లుల రేట్లు, డైల జాబితా రాయించుకుంటాను. తిరిగొస్తే ఏ పనికి వస్తానో, ఎవరికి జవాబు చెప్పాలో నాన్న, బాబాయి ఇద్దరి ముందూ ఇప్పుడే మాట్లాడాలని ఉంది. జీతం, లాభం విడదీసే సంగతి మాత్రం నేను ఎత్తితే తప్పుగా అనుకుంటారేమో.

పెద్దవాడి_గోడు
మీరు ఎత్తకండి. మీ నాన్న ఎత్తాలి, అదీ మీరు లేనప్పుడు, మీ బాబాయితో ఒంటరిగా. మీ నోటి నుంచి వస్తే నన్ను పంపించేయడానికి లెక్క కట్టినట్టే వినిపిస్తుంది.

లెక్కల_సారం
ఆడిటర్‌ని కూడా ఆ మాటకి కూర్చోబెట్టొచ్చు. మేము చెప్తే లెక్కల మాటగానే వింటారు.

తాళంచెవి
@లెక్కల_సారం మాలాగా పదేళ్లు జీతం లేకుండా చేసినవాళ్లు ఇప్పుడు వెనక్కి వెళ్లి ఏం అడగాలి? పాతదంతా వదులుకుని ఈ నెల నుంచి జీతం రాయమనాలా?

లెక్కల_సారం
ఈ నెల నుంచి జీతం మొదలుపెట్టడం సులువు, వెంటనే చేయండి. పాత ఏళ్లకి కొందరు వాటా రూపంలో ఇచ్చుకున్నారు, కొందరి ఇళ్లలో ఆ మాట ఎత్తగానే పని ఆగిపోయింది. మీ నాన్నగారి పేరు మీద వాటా ఎంతుందో, మీ తోబుట్టువులు ఎందరో తెలియకుండా చెప్పలేను. వేరే దారం పెట్టండి, అక్కడ వివరంగా చూద్దాం.